హైడ్రోజన్ మండితే కార్బన్ డయాక్సైడ్ రాదు. మరి నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కడివి?

హైడ్రోజన్‌తో నడిచే పిస్టన్ ఇంజిన్ సైలెన్సర్‌లో వాయువులను కొలిచే యంత్రపు గొట్టం పెట్టి చూస్తే, మొదట అనుమానం కలిగించే అంకె ఒకటి కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సున్నా ఉండదు, నాలుగు వందల పైచిలుకు పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో నాలుగు వందల పైచిలుకు పాళ్లు ఉంటుంది. అది ఇంధనం నుంచి పుట్టినది కాదు, ఇంజిన్ పీల్చుకున్న గాలిలో ముందే ఉన్నది. సిలిండర్ గోడలకు అంటిన ఇంజిన్ ఆయిల్ కొద్దికొద్దిగా కాలడం వల్ల దానికి మరికాస్త తోడవుతుంది, అంతే. అసలు చూడవలసినది పక్కనున్న గడి. అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్ల అంకె, ఇంజిన్‌ను నడిపే తీరును బట్టి, దాదాపు ఏమీ లేని స్థితి నుంచి కొన్ని వేల పీపీఎం దాకా మారుతూ ఉంటుంది. ఇంధనం అదే, ఇంజిన్ అదే. ఇంధనంలో నైట్రోజన్ అణువు ఒక్కటి కూడా లేనప్పుడు ఈ ఆక్సైడ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఒకసారి వేలల్లో ఉన్నవి మరోసారి ఎందుకు మాయమవుతున్నాయి అన్నది అర్థమైతే, హైడ్రోజన్‌ను నిల్వ చేయడం ఎందుకు ప్రమాదకరమో కూడా చాలావరకు అర్థమవుతుంది. రెంటికీ మూలం హైడ్రోజన్‌కు ఉన్న ఒకే స్వభావం.

ముందు లెక్క చూద్దాం. ఒక కిలో హైడ్రోజన్ పూర్తిగా మండడానికి 8 కిలోల ఆక్సిజన్ కావాలి. రెండూ కలిసి 9 కిలోల నీటి ఆవిరి అవుతాయి. కార్బన్ లేని ఇంధనం కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌కు గానీ, కార్బన్ మోనాక్సైడ్‌కు గానీ, మసికి గానీ తావు లేదు. అయితే ఆ 8 కిలోల ఆక్సిజన్ సీసాలోంచి విడిగా రాదు, గాలిలోంచి వస్తుంది. అంత ఆక్సిజన్ కోసం సుమారు 34 కిలోల గాలిని లోపలికి తీసుకోవాలి. అందులో దాదాపు 26 కిలోలు నైట్రోజన్. పెళ్లికి పిలవకపోయినా వెంట వచ్చిన బంధువుల్లా ఆ 26 కిలోల నైట్రోజన్ మంట గుండా ప్రయాణిస్తుంది. ఎక్కువ భాగం వచ్చినట్టే వెళ్లిపోతుంది, చాలా చిన్న భాగం మాత్రం మంటలో మారిపోతుంది. మన సమస్యంతా ఆ చిన్న భాగంతోనే.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు సాగాలి. పైన వేసిన లెక్క దహనానికి సంబంధించినది మాత్రమే. హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి ఆవిరి సాయంతో తీస్తే, కిలో హైడ్రోజన్‌కు 9 నుంచి 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఫ్యాక్టరీలోనే పుడుతుంది. సైలెన్సర్ దగ్గర కనిపించని వాయువు ఇంకోచోట చిమ్నీలోంచి బయటికి వచ్చిందన్నమాట. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టాలన్న ఉద్దేశం ఈ చిమ్నీని తప్పించడానికే. కాబట్టి తయారీని పక్కన పెట్టి, మంట దగ్గరికి తిరిగి వద్దాం.

నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులను పట్టి ఉంచేది త్రిబంధం. దాన్ని తెంచడానికి మోల్‌కు దాదాపు 945 కిలోజౌల్స్ కావాలి. రసాయన శాస్త్రంలో తెలిసిన బలమైన బంధాలలో ఇదొకటి. మామూలు ఉష్ణోగ్రతల్లో గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలకాలం పక్కపక్కనే ఉన్నా ఒకదాని జోలికి ఒకటి పోకపోవడానికి కారణం అదే. బాగా వేడెక్కిన మంటలో మాత్రం కొన్ని ఆక్సిజన్ అణువులు విడిపోయి ఒంటరి పరమాణువులు తయారవుతాయి. ఒంటరి ఆక్సిజన్ పరమాణువుకు ఉన్న ఆబ అంతా ఇంతా కాదు. అది నైట్రోజన్ అణువును ఢీకొని ఒక నైట్రోజన్ పరమాణువును లాక్కుంటుంది. మిగిలిపోయిన రెండో నైట్రోజన్ పరమాణువు తన వంతుగా ఒక ఆక్సిజన్ అణువు మీద పడుతుంది. సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్డోవిచ్ 1940లలో వివరించిన ఈ క్రమాన్ని ఇలా రాస్తారు:

N2 + O → NO + N
N + O2 → NO + O

రెండో మెట్టు చివర ఆక్సిజన్ పరమాణువు మళ్లీ విడుదలవుతోందని గమనించాలి. అంటే ఒకసారి మొదలైతే గొలుసు తనంతట తాను సాగుతుంది. మొదటి మెట్టు మాత్రం చాలా కష్టమైనది. త్రిబంధాన్ని తెంచే భారమంతా దాని మీదే ఉంది కనుక అది ఉష్ణోగ్రతకు విపరీతంగా స్పందిస్తుంది. సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దిగువన దాని వేగం లెక్కలోకి రానంత తక్కువ. ఆపైన ప్రతి వంద డిగ్రీలకూ ఎగబాకుతుంది. అందువల్ల నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంత పుడతాయన్నది ఏ ఇంధనం మండుతోందన్న దానికన్నా ఎంత వేడిలో, ఎంతసేపు, ఎంత ఆక్సిజన్ మిగిలి ఉండగా మండుతోందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

సరిగ్గా ఇక్కడే హైడ్రోజన్ తన వేడితో ఇబ్బంది పెడుతుంది. సరిపడా గాలిలో మీథేన్ మంట గరిష్ఠంగా 1,950 డిగ్రీల దాకా వేడెక్కితే, హైడ్రోజన్ మంట 2,100 డిగ్రీలు దాటుతుంది. తేడా 160 డిగ్రీలే కదా అనిపించవచ్చు. ఆ తేడాకే జెల్డోవిచ్ మొదటి మెట్టు వేగ స్థిరాంకం మూడు రెట్లు పెరుగుతుంది. దానికి తోడు ఒంటరి ఆక్సిజన్ పరమాణువుల సంఖ్య కూడా పెరుగుతుంది కాబట్టి ఆక్సైడ్ పుట్టే వేగం మొత్తంగా ఇంకా ఎక్కువే. న్యాయంగా చెప్పాలంటే హైడ్రోజన్‌కు ఒక మినహాయింపు కూడా ఉంది. కార్బన్ ఉన్న ఇంధనాల్లో మంట అంచున పుట్టే కార్బన్-హైడ్రోజన్ శకలాలు నైట్రోజన్‌ను నేరుగా పట్టుకునే మరో దారి ఉంటుంది. కార్బన్ లేని హైడ్రోజన్ మంటలో ఆ దారి మూసుకుపోతుంది. కానీ వేడి తెరిచిన దారి ముందు ఆ ఆదా చిన్నది.

ఈ అంకెలను పోల్చేవారు తరచుగా పడే పొరపాటు ఒకటి ఉంది. కొలిచే యంత్రంలోకి పంపేముందు పొగలోని నీటి ఆవిరిని చాలాచోట్ల తీసేస్తారు. మీథేన్ పొగలో నీరు తీసేశాక నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ మిగులుతాయి. హైడ్రోజన్ పొగలో నైట్రోజన్ మాత్రమే మిగులుతుంది. ఒకే మొత్తం వేడి ఇచ్చే హైడ్రోజన్‌నూ మీథేన్‌నూ సరిపడా గాలిలో మండించి లెక్క వేస్తే, మీథేన్ నుంచి మిగిలే పొడి పొగ హైడ్రోజన్ నుంచి మిగిలే దానికన్నా సుమారు 37 శాతం ఎక్కువ. అంటే రెండు మంటలూ సరిగ్గా ఒకే బరువు నైట్రోజన్ ఆక్సైడ్‌ను విడుదల చేసినా, పీపీఎంలో చూస్తే హైడ్రోజన్‌దే ఎక్కువగా కనిపిస్తుంది. నిజమైన పోలిక కావాలంటే ఒక మెగాజౌల్ వేడికి ఎన్ని గ్రాములు అని అడగాలి. హైడ్రోజన్‌ను మెచ్చుకునే వ్యాసాల్లోనూ తిట్టే వ్యాసాల్లోనూ ఈ ప్రశ్న అరుదుగానే కనిపిస్తుంది.

వేడి వల్ల వచ్చిన జబ్బుకు మందు చల్లబరచడమే. అదనపు గాలి పంపితే సరిపోతుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఈ మందు ఎక్కువ మోతాదులో వాడలేము. గాలి కొంచెం ఎక్కువైతే మంట సరిగా అంటుకోదు, ఇంజిన్ తడబడుతుంది. హైడ్రోజన్‌కు ఆ ఇబ్బంది లేదు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఏ పాళ్లలో ఉన్నా అది అంటుకుంటుంది. మీథేన్‌కు ఈ హద్దులు 5 నుంచి 15 శాతం మాత్రమే. సరిగ్గా సరిపోయే గాలితో హైడ్రోజన్ పాలు 29.5 శాతం ఉంటుంది. అవసరమైన దానికి రెండున్నర రెట్లు గాలి పంపితే ఆ పాలు సుమారు 14 శాతానికి దిగుతుంది. అయినా చక్కగా మండుతుంది. ఆ అదనపు గాలిని వేడిచేయడానికే వేడిలో చాలా భాగం ఖర్చవుతుంది కనుక, గది ఉష్ణోగ్రత నుంచి మొదలుపెడితే మంట 1,150 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఇంజిన్‌లో పిస్టన్ గాలిని ముందే నొక్కి వేడిచేస్తుంది కాబట్టి అసలు అంకె దీనికన్నా ఎక్కువే ఉంటుంది. అయినా జెల్డోవిచ్ గొలుసు ఊపందుకునేంత వేడి ఎక్కువసేపు నిలవదు. గాలి రెండు రెట్లు దాటాక నైట్రోజన్ ఆక్సైడ్లు దాదాపు మాయమవుతాయి. మొదట్లో చెప్పిన రెండో గడిలోని అంకె ఊగిసలాటకు కారణం ఇదే.

ఈ మందుకూ ఖరీదు ఉంది. సిలిండర్‌లోని చోటంతా గాలే ఆక్రమిస్తే, ఒక్కో విడతకు పట్టే ఇంధనం తగ్గి ఇంజిన్ బలం పడిపోతుంది. దాన్ని పూడ్చడానికి టర్బోచార్జర్‌తో గాలిని ఒత్తి లోపలికి పంపాలి. అంతకన్నా చిక్కు, బండి నడిపేటప్పుడు వస్తుంది. 2023 ఫిబ్రవరిలో అశోక్ లేలాండ్, రిలయన్స్ కలిసి చూపిన హైడ్రోజన్ ఇంజిన్ లారీ వంటి బరువు బండిని ఊహించండి. నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కుతూ డ్రైవర్ ఒక్కసారిగా ఎక్సలరేటర్ తొక్కితే, ఇంధనం వెంటనే పెరుగుతుంది, టర్బో నుంచి రావలసిన గాలి మాత్రం క్షణం ఆలస్యమవుతుంది. గాలి పాలు రెండున్నర రెట్ల నుంచి ఒకటిన్నర దిగువకు జారితే చాలు, ఆక్సైడ్లు ఒక్కసారిగా ఎగుస్తాయి. గాలి అవసరమైన దానికన్నా 30 శాతం అటూ ఇటుగా ఎక్కువ ఉన్నప్పుడే, అంటే వేడీ మిగులు ఆక్సిజన్ రెండూ పుష్కలంగా దొరికే చోటే, అవి శిఖరానికి చేరుతాయి. అందుకే డీజిల్ లారీల్లో యూరియా ద్రావణం చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లను తిరిగి నైట్రోజన్‌గా మార్చే పరికరాన్ని హైడ్రోజన్ లారీల్లో కూడా అమర్చవలసి వస్తోంది. పలచని మిశ్రమం వల్ల పొగ చల్లగా ఉంటుంది, ఆ పరికరం పనిచేయడానికి మాత్రం రెండు వందల డిగ్రీల వేడి కావాలి. ఈ పేచీ తీర్చడమే ఇంజనీర్లకు ఇప్పుడున్న అసలు పని. మంట లేకుండా, సుమారు 80 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌ను నేరుగా విద్యుత్తుగా మార్చే ఫ్యూయల్ సెల్‌లో ఈ బెడదే లేదు. అయితే దానికి చాలా స్వచ్ఛమైన హైడ్రోజన్, ప్లాటినం పూత కావాలి.

ఇప్పుడు ఆ 4 నుంచి 75 శాతం అన్న అంకెలను మళ్లీ చూడండి. ఇంజిన్‌లో నైట్రోజన్ ఆక్సైడ్లను తప్పించే వీలు కల్పించిన ఆ విశాలమైన పరిధే, ట్యాంకు నుంచి వాయువు బయటపడినప్పుడు శత్రువుగా మారుతుంది. కారు పట్టే గది ఒకటి, ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు అనుకుందాం. లోపల 45 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో 4 శాతం అంటే 1.8 ఘనపు మీటర్లు. కిలో హైడ్రోజన్ మామూలు ఉష్ణోగ్రతలో 12 ఘనపు మీటర్లు ఆక్రమిస్తుంది కనుక, కేవలం 150 గ్రాములు కారి గదంతా సమానంగా కలిసినా అంటుకునే స్థితి వస్తుంది. ఇప్పటి హైడ్రోజన్ కారు ట్యాంకులో 5 కిలోలకు పైగా ఉంటుంది. పైగా హైడ్రోజన్ సమానంగా కలిసేదాకా ఆగదు. గాలికన్నా పద్నాలుగు రెట్లు తేలిక కాబట్టి నేరుగా పైకప్పు కిందికి చేరి పొరలా నిలుస్తుంది. అక్కడ 4 శాతం దాటడానికి 150 గ్రాములు కూడా అక్కర్లేదు.

మన ఇళ్లలోని వంట గ్యాస్‌తో పోలిస్తే ఈ తేడాలు స్పష్టమవుతాయి. వంట గ్యాస్ 2 శాతం దగ్గరే అంటుకుంటుంది కాబట్టి దిగువ హద్దు విషయంలో అదే ఎక్కువ ప్రమాదకరం. కానీ 10 శాతం దాటితే గాలి చాలక అది మండదు. హైడ్రోజన్‌కు ఆ రక్షణ దాదాపు లేనట్టే. వంట గ్యాస్ బరువైనది, నేల మీద పాకుతుంది. తలుపు తెరిస్తే గడప దాటి పోతుంది. హైడ్రోజన్ విషయంలో తలుపు తెరవడంకన్నా పైకప్పు దగ్గర కిటికీ ఉండడం ముఖ్యం. వంట గ్యాస్‌లో గంధకం ఉన్న పదార్థాన్ని కలుపుతారు కాబట్టి వాసన మనల్ని హెచ్చరిస్తుంది. ఆ గంధకం ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినాన్ని పాడుచేస్తుంది కనుక బండ్ల హైడ్రోజన్‌లో దాన్ని కలపరు. ఇక నిప్పు సంగతి. మీథేన్‌ను అంటించడానికి 0.28 మిల్లీజౌల్ నిప్పురవ్వ కావాలి, హైడ్రోజన్‌కు 0.02 మిల్లీజౌల్ చాలు. నైలాన్ చొక్కా వేసుకున్న మనిషి చేతి నుంచి దూకే స్థిర విద్యుత్తు రవ్వ, మనకు చురుక్కుమని కూడా అనిపించనంత చిన్నదైనా, ఆ హద్దును దాటేస్తుంది. అంటుకున్నాక కూడా మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు, మసి లేదు గనుక దూరానికి సెగ కూడా అంతగా తగలదు. 1960లలో అమెరికా రాకెట్ కేంద్రాల్లో పనివాళ్లు చీపురు కట్టను ముందుకు చాచి నడిచేవారట. చీపురు చివర అంటుకుంటే అక్కడ మంట ఉందని అర్థం. ఇప్పుడు అతినీలలోహిత కాంతిని పట్టే సెన్సర్లు ఆ పని చేస్తున్నాయి.

ఇంత తేలిక వాయువును బండిలో మోయాలంటే బాగా నొక్కాలి. కార్ల ట్యాంకుల్లో 700 బార్ పీడనం వాడతారు; అంత నొక్కినా ఒక లీటరు చోటులో పట్టేది సుమారు 40 గ్రాములే. ఆ పీడనంలో ఉక్కును నమ్మలేము. హైడ్రోజన్ పరమాణువులు అతి చిన్నవి కావడంతో లోహంలోకి చొరబడి, సాగే గుణాన్ని హరించి, చిన్న పగుళ్లను పెంచుతాయి. ఎంత గట్టి ఉక్కు అయితే అంత త్వరగా పెళుసుబారుతుంది. అందుకే కార్ల ట్యాంకులో లోపల ప్లాస్టిక్ పొర, దాని మీద కార్బన్ ఫైబర్ చుట్టు ఉంటాయి. బండి మంటల్లో చిక్కుకుంటే సుమారు 110 డిగ్రీల వద్ద ఒక కవాటం కరిగి తెరుచుకుని వాయువును బయటికి వదిలేస్తుంది. ట్యాంకు పేలడంకన్నా అదుపులో ఉన్న పొడవాటి మంట నయమన్నది ఆ ఏర్పాటు వెనుక ఆలోచన. ద్రవంగా మారిస్తే పీడనం బాధ తప్పుతుంది కానీ మైనస్ 253 డిగ్రీల చలి బాధ మొదలవుతుంది. శ్రీహరికోటలో క్రయోజెనిక్ దశకు ద్రవ హైడ్రోజన్ నింపేవారికి ఆ బాధ బాగా తెలుసు. ఆ చలికి ప్రతి అతుకూ ముడుచుకుంటుంది. అమెరికా చంద్రయాత్ర రాకెట్ ఆర్టెమిస్-1 ప్రయోగం 2022 సెప్టెంబర్ 3న ఆగిపోయింది కూడా నింపే గొట్టం అతుకు దగ్గర హైడ్రోజన్ కారినందువల్లనే. అది ఎగిరింది నవంబర్ 16న.

నిల్వ ప్రమాదాలు నిజంగా ఎలా జరుగుతాయో చూడాలంటే 2019 మే, జూన్ నెలల్లో పద్దెనిమిది రోజుల తేడాతో జరిగిన రెండు పేలుళ్లను పక్కపక్కన పెట్టాలి. రెండోదాన్ని ముందు చెబుతాను, ఎందుకంటే అది మనం ఊహించే రకం. జూన్ 10న నార్వేలో ఓస్లో సమీపంలోని సాండ్వికాలో ఒక హైడ్రోజన్ బంకు పేలింది. అధిక పీడన ట్యాంకు చివరన మూత బిగించేటప్పుడు కొన్ని బోల్టులను నిర్ణీత బిగువుకు బిగించలేదని దర్యాప్తులో తేలింది. మొదట లోపలి సీలు దగ్గర సన్నగా కారింది. అలాంటి చిన్న కారుడు బయటికి పోవడానికి మూతలో ఒక రంధ్రం ఉంటుంది. కారుడు పెరిగి ఆ రంధ్రం మోయగలిగిన దాన్ని మించాక, లోపల పీడనం పేరుకుని మూతను పైకి లేపింది, బయటి సీలు కూడా తెగిపోయింది. అప్పుడు బయటికి వచ్చిన వాయువు గాలిలో కలిసి అంటుకుంది. పేలుడు ఒత్తిడికి దగ్గరలో పోతున్న కార్లలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని ఇద్దరికి స్వల్ప గాయాలయ్యాయి, రెండు పెద్ద రహదారులు మూసివేయవలసి వచ్చింది. ట్యాంకు గోడ పగలలేదు, హైడ్రోజన్ విచిత్రంగానూ ప్రవర్తించలేదు. రెంచి మరికాస్త తిప్పి ఉంటే సరిపోయేది.

మే 23న దక్షిణ కొరియాలోని గాంగ్నుంగ్‌లో జరిగినది ఇంకో రకం; అక్కడ ఇద్దరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. హైడ్రోజన్ బయటికి కారలేదు, ఆక్సిజన్ లోపలికి చేరింది. సౌర విద్యుత్తుతో నీటిని విడగొట్టే యంత్రంలో ఒక వైపు హైడ్రోజన్, మరో వైపు ఆక్సిజన్ పుడతాయి, మధ్యలో ఒక పొర వాటిని వేరుగా ఉంచుతుంది. ఆ పొర గుండా ఆక్సిజన్ ఎప్పుడూ కొద్దికొద్దిగా జారుతూనే ఉంటుంది. యంత్రం నిండుగా నడిచేటప్పుడు హైడ్రోజన్ వెల్లువలో ఆ కొద్దిపాటి ఆక్సిజన్ లెక్కలోకి రాదు. మబ్బు పట్టి విద్యుత్తు తగ్గితే హైడ్రోజన్ ఉత్పత్తి పడిపోతుంది. జారే ఆక్సిజన్ మాత్రం దాదాపు అంతే ఉంటుంది, అందువల్ల దాని పాలు పెరుగుతుంది. గాంగ్నుంగ్‌లో నిర్ణీత స్థాయికన్నా తక్కువ విద్యుత్తుతో యంత్రం నడవడం వల్ల ట్యాంకులో ఆక్సిజన్ 6 శాతం దాటిందని, స్థిర విద్యుత్తు రవ్వతో అది అంటుకుందని దర్యాప్తు నిర్ధారించింది. ఆ 6 శాతం యాదృచ్ఛికం కాదు. గాలిలో 75 శాతం దగ్గర ఆగే హైడ్రోజన్ పై హద్దు, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 94 శాతం దాకా పోతుంది. 94 పోగా మిగిలేది ఆరే. ట్యాంకు పేలడానికి పీడనం ఎక్కువగా ఉండనక్కర్లేదు, పగులు ఉండనక్కర్లేదు, కారుడు ఉండనక్కర్లేదు. అందుకే నీటిని విడగొట్టే యంత్రానికీ ట్యాంకుకూ మధ్య ఆక్సిజన్‌ను తీసేసే పరికరం, దాని తరువాత మిగిలిన ఆక్సిజన్‌ను ఎడతెరిపి లేకుండా కొలిచే సెన్సర్ ఉండాలి. ఆ అంకె పెరగడం మొదలుకాగానే యంత్రం తనంతట తాను ఆగిపోవాలి. పైకప్పు దగ్గర పెట్టే హైడ్రోజన్ సెన్సర్ ఎంత మంచిదైనా ఈ పని చేయలేదు, ఎందుకంటే గాంగ్నుంగ్‌లో ప్రమాదం పొంచి ఉన్నది గాలిలో కాదు, మూసి ఉన్న ట్యాంకులోపల.